కాలేయంలో చీము, మా ఆవిడకు అనుమానం

జ్వరానికి తోడు ఒళ్లంతా వణుకు, కుడి డొక్కలో పోటు. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి భుజం దాకా లాగేది. దుకాణంలో పంపుసెట్టు ఎత్తినందుకు నరం పట్టిందని నాకు నేనే తీర్మానించుకుని నూనె రుద్దించుకున్నాను. ఎన్నాళ్లు రుద్దినా జ్వరం దిగకపోయేసరికి మా ఆవిడ నన్ను పోదనూరు నుంచి కోయంబత్తూరు ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు పక్కటెముకల మధ్య వేలితో నొక్కాడు. నా కేకకు వరండాలో జనం లేచి నిలబడ్డారట. స్కానులో కాలేయం కుడి భాగాన నిమ్మకాయకంటే పెద్దదిగా, గుండ్రంగా, నల్లటి మచ్చ కనిపించింది.

"లివర్‌లో చీముగడ్డ" అన్నాడు డాక్టరు. రక్తపరీక్ష చూసి ఇది అమీబా పని అని, పాడైన నీళ్లతోనో తిండితోనో వస్తుందని, గడ్డ పగిలేలా లేదు కాబట్టి సూదితో తీయక్కర్లేదని, మెట్రోనిడజోల్ మాత్రలు సరిపోతాయని చెప్పాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"ఈ మాత్రలు వేసుకునేటప్పుడు బ్రాందీ, బీరు ముట్టకూడదు. ముడితే వాంతులవుతాయి."

మా ఆవిడ నన్ను చూసిన చూపుకు జ్వరం మరింత పెరిగింది. నేను పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. కానీ వాళ్ల నాయన తాగి తాగి లివర్ చెడి చనిపోయాడు, తాగనే లేదని చివరిదాకా ఒట్లు పెట్టుకుంటూ. లివర్ అంటే ఆమెకు సీసా ఒక్కటే.

ఇంటికి రాగానే అలమరలు వెతికింది. నా నోరు వాసన చూసింది. ఆ మాత్రలకు నాలుక మీద ఇనుము చీకినట్టుండేది, అన్నం సయించేది కాదు. ఒక పొద్దున ఖాళీ కడుపున మాత్ర వేసుకున్నాను. ఇంకేముంది, భళ్లున వాంతి.

"తాగినారు కదా! నిజం చెప్పండి, ఎన్ని నాళ్లుగా తాగుతా ఉండారు?"

"సత్తియంగా తాగలేదే!"

"మా నాయన కూడా ఇట్లనే అనె."

ఇక నా ఒట్టుకు విలువేముంది? కోపంతో నా ఒళ్లు మండిపోయింది. ఆటో ఎక్కించి మళ్లీ డాక్టరు ముందు కూర్చోబెట్టింది, దొంగను అప్పగించినట్టు. ఆయన నాడి చూశాడు, డొక్క నొక్కాడు. ఈసారి నేను కేక వేయలేదు. జ్వరం కూడా దిగింది. ఈ మాత్ర తాగనివాళ్లకూ వాంతి తెప్పిస్తుందని, అన్నం తిన్నాకే వేసుకోమని అన్నాడు. ఇవి అయ్యాక పేగులో మిగిలిన అమీబాకు వేరే మాత్రలు ఉంటాయని, స్కానులో మచ్చ పూర్తిగా మాయమవడానికి నెలలు పట్టినా భయం లేదని చెప్పాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. నాకు కోపమూ వచ్చింది, ఆమెను చూస్తే గుండె కలుక్కుమంది.

"ఇప్పుడైనా నమ్మినావా?" అన్నాను.

"తాగినా సరే, నాయన మాదిరి పోకుండా ఉంటే చాలని సామికి మొక్కుకున్నా."

"తాగలేదే!" అని అరిచాను.

"సరే" అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని.