సైకిల్ గ్రిప్పుకు సూదిమందు

నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సైకిల్ కొనుక్కుంటే నాయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆడపిల్ల ఊళ్ల వెంట సైకిల్ తొక్కడం ఆయనకు గిట్టలేదు. ఆ తర్వాత మద్రాసు వెళ్లి వస్తూ నీలం రంగు రబ్బరు గ్రిప్పులు ఒక జత తెచ్చి, నోరు విప్పకుండా నా హ్యాండిల్‌కు ఎక్కించాడు. ఒప్పుకున్నానని ఆయన చెప్పిన తీరు అంతే. మరుసటి ఏడాది పోయాడు.

ఒకరోజు మర్రిపాడు దారిలో లారీకి తప్పుకోబోయి గుంతలో పడ్డాను. నాకేం కాలేదు గానీ హ్యాండిల్ వంకరపోయి పగులిచ్చింది. ఉదయగిరిలో సైకిల్ షాపాయన చూసి, కొత్తది వేయాల్సిందేనని చెప్పి బ్లేడు తీశాడు.

"ఏందన్నా అది?"

"గ్రిప్పులు కొయ్యాల నర్సమ్మా. చెమటకి, దుమ్ముకి కరుచుకోనుండాయి. కొత్తయి వేస్తాలే."

"మా నాయన తెచ్చినయ్యి. కోస్తే ఊరుకోను."

లాగి చూశాడు, కదల్లేదు. స్క్రూడ్రైవర్ దూర్చబోతే అంచు చిరగబోయింది. ఆత్మకూరులో లారీ టైర్ల షాపుకు తీసుకుపోతే కంప్రెసర్ గాలి లోపలికి కొట్టి ఉబ్బించి తీస్తారట. ఈయన దగ్గర ఉన్నది చేతిపంపు. చివరికి నూనె సీసా అందుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నూనె పోస్తే ఊడతాయి, నిజమే. మళ్లీ ఎక్కించాక జన్మంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

జారాలి, తర్వాత ఆరిపోవాలి. అట్లాంటిది నా సంచిలోనే ఉంది! టీకాలు వేసే ముందు రోజూ పిల్లల భుజాలకు రాసే స్పిరిట్.

"బీడీ పారెయ్ అన్నా, అంటుకుంటాది."

పక్కన పడేయాల్సిన మొద్దు సూదిని సిరంజికి తగిలించి స్పిరిట్ పీల్చాను. సూదిని హ్యాండిల్ గొట్టానికి ఆనించి, రబ్బరు కిందికి పడుకోబెట్టి దూర్చి స్పిరిట్ మెల్లగా వదిలాను. చుట్టూ నాలుగు చోట్ల అట్లాగే వదిలి, అరచేత్తో పిసికి, పిడికిట బిగించి మెలిపెట్టాను. మొదట మొరాయించింది. రెండోసారి కిర్రుమని తిరిగింది. లాగితే చెక్కుచెదరకుండా చేతికొచ్చింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

షాపాయన బ్లేడు డబ్బాలో పడేశాడు. "ఆ సిరంజి ఇట్లియ్యమ్మా, రెండోది నేను తీస్తా."

"ఇయ్యను. రెండోదీ నేనే తీస్తా."

తీశాను. కొత్త హ్యాండిల్ బిగించాక, గ్రిప్పుల లోపల మళ్లీ స్పిరిట్‌తో తడిపి రెండింటినీ ఒక్క ఊపున ఎక్కించాను. ఆరేదాకా సైకిల్‌ను నీడకు పెట్టి, పక్కనే బల్ల మీద కూర్చుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

చాలాసేపటికి షాపాయన వచ్చి ఒక గ్రిప్పును రెండు చేతులా పట్టి బలంకొద్దీ మెలిపెట్టాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"మీ నాయన ఎక్కించినంత గట్టిగా ఉండాదమ్మా" అన్నాడు.

నేను సైకిలెక్కాను. ఆత్మకూరు రోడ్డు మీద బెల్లు కొట్టుకుంటూ, అడ్డం ఎవరూ లేకపోయినా కొట్టుకుంటూ పోయాను.