మొగిలయ్య వాషింగ్ మెషిన్

“...ఫోన్‌ల ముచ్చట పెట్టుడు గూడ పనేనా? నీ మాటలకు నాకు లెక్క తప్పుతాంది,” అంటున్నాడు భానుచందర్.

“లెక్క మిషనే చేస్తాంది గదా అన్నా, నీకేం తప్పుతాంది?” అంది పద్మలత, ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే.

హన్మకొండలో మేడ మీద రాజేశ్వర్ రావు గారి జీఎస్టీ ఆఫీసు. దుకాణాల బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ ఇద్దరి కొలువు. కీబోర్డు చూడకుండా కొట్టే భానుచందర్‌కు తన వేళ్లకు ఎవరి దిష్టి తగులుతుందోనని భయం. పోయిన నెల తగిలింది. ఫోటో చూపిస్తే చాలు, తేదీ, నంబరు, పన్ను తానే చదివి ఎక్కించే ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి చాయ్ అక్కర్లేదు, బతుకమ్మకు సెలవు అక్కర్లేదు. రావు గారు దానికి దండ వేయడం ఒక్కటే తక్కువ.

ఇకపై ఒక్కరే చాలని ఆయన చెప్పేశాడు. అది ఎక్కించిన బిల్లులు చెరిసగం సరిచూడండి, ఎవరుండాలో అందులోనే తేలుతుందన్నాడు.

భానుచందర్ దాన్ని పరుగు పందెం అనుకున్నాడు. బిల్లునూ స్క్రీన్‌నూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడా పైసా తేడా లేదు. మధ్యాహ్నానికే ముగించి, పద్మలత వైపు జాలిగా చూశాడు. ఆమె ఇంకా ఎవరో బట్టల సేటును “కూలర్ దుకాణంల పెట్టిన్రా, ఇంట్లనా?” అని అడుగుతూ, మధ్యలో ఆయన మోకాళ్ల నొప్పుల గురించి వింటోంది. మిషన్‌కు రాని విద్య ఇదొక్కటేనని, రాకపోవడమే నయమని అనుకున్నాడు.

రావు గారు వచ్చి, అతని బిల్లులు తిరగేస్తూ ఒక వాషింగ్ మెషిన్ బిల్లు దగ్గర ఆగాడు.

“మొగిలయ్యది ఇనుప సామాన్ల దుకాణం. వాషింగ్ మెషిన్ల మేకులు ఉతుకుతాండా?”

“బిల్లు కరెక్టే సార్. పేరు, నంబరు, పన్ను అన్నీ కలిసినయ్.”

కలిసిన మాట నిజమే. ఇంటికేది కొన్నా దుకాణం నంబరు మీదే బిల్లు రాయించుకోవడం బజారులో మామూలు. దుకాణానికి కొన్నదాని మీది పన్నును, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఇంటి వస్తువుకు ఆ వీలు లేదు. ఆ సంగతి బిల్లు మీద ఉండదు, మొగిలయ్య నోట్లో ఉంటుంది. రావు గారు మొగిలయ్యకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడిగితే, వాషింగ్ మెషిన్ ఇంట్లనే ఉందని, ఇంటామె మస్తు ఖుషీగా ఉందని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు.

తప్పు సాఫ్ట్‌వేర్‌దేనని భానుచందర్ అన్నాడు.

“అది బిల్లు సదివింది. నిన్ను కూసోబెట్టింది గూడ బిల్లు సదువుటానికేనా?”

భానుచందర్ స్క్రీన్ వైపు చూశాడు. అక్కడ టిక్కులన్నీ పచ్చగా, వరుసగా ఉన్నాయి. పద్మలత ఫోన్ పెట్టేసింది.

“పద్మలత ఉంటది,” అన్నాడు రావు గారు. “భానూ, నువ్వు నెలాఖరు దాక రా.”