దగ్గు దాచే ప్లాన్

మా నాన్న బచేలి ఇనుప గనిలో డంపర్ డ్రైవరు. కంపెనీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం కాబట్టి మా క్వార్టర్‌లో బీమా ఊసే ఉండేది కాదు. నాకు అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చాక ఆ ఊసే ఇంట్లో అగ్గి రాజేసింది.

యూనివర్సిటీ తన బీమా ప్లాన్ అయినా కొనమంది, బయటిదైనా పర్వాలేదంది. పాలసీలు అమ్మే ఎదురింటి బాబాయ్ వెంటనే ఒకటి పట్టుకొచ్చాడు. ప్రీమియం యూనివర్సిటీ దాంట్లో మూడో వంతు కూడా లేదు. నాన్న మొహం వెలిగిపోయింది. నేను రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. బాబాయ్ దాంట్లో కవర్ యాభై వేల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. డిడక్టిబుల్ జబ్బు జబ్బుకీ వేరు, అంటే కొత్త జబ్బు చేసినప్పుడల్లా మొదటి ఐదు వందల డాలర్లు మనమే కట్టుకోవాలి. ముందునుంచీ ఉన్న జబ్బుకైతే పైసా రాదు. యూనివర్సిటీ ప్లాన్‌లో డిడక్టిబుల్ ఏడాదికి ఒక్కసారే, కవర్‌కు పరిమితి లేదు, పాత జబ్బుకు మొదటి రోజునుంచే చెల్లుతుంది. నాకు చిన్నప్పటినుంచీ ఆస్తమా.

"జబ్బేం లేదని టిక్కు పెట్టెయ్యమ్మా, ఖతం!" అన్నాడు బాబాయ్.

ఒళ్ళు మండిపోయింది. "క్లెయిమ్ పెడితే పాత రికార్డులు అడుగుతారు బాబాయ్. అబద్ధమని తేలితే మొత్తం బిల్లు మా నెత్తినే. నువ్వు కడతావా?"

"పెద్దవాళ్ళతో అదేం మాట!" నాన్న గద్దించాడు. "గనిలో ఏటా చేసే మెడికల్ పరీక్షకి పోయినోడెవడైనా ఉన్న రోగం ఉన్నట్టు చెప్తాడేంటి? చెప్తే డంపర్ దించేసి ఏ మూలో కూర్చోబెడతారు. నేను ముందురోజు సిరప్ తాగి పోతాను. ఇన్నేళ్ళలో నా దగ్గు ఎవడికైనా తెలిసిందా?"

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "దాచాల్సినంత దగ్గేంటి?" అంది.

బాబాయ్ కాగితాలు సర్దుకుని జారుకున్నాడు.

"దగ్గినప్పుడల్లా దుమ్ము పడలేదు, దుమ్ము పడలేదు అని నాకు చెప్పిందంతా బొంకేనా?" అమ్మ నావైపు చెయ్యి చూపించింది. "దీనికి యూనివర్సిటీదే కట్టండి. కట్టకపోతే రేపే ఆసుపత్రికెళ్ళి మీ సంగతి నేనే చెప్తాను."

"చెప్పి నా కడుపు కొట్టు!" అని నాన్న చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మర్నాడు ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా బ్యాంకుకెళ్ళి కట్టేశాడు. కట్టాడు కాబట్టి అమ్మ ఆసుపత్రికి పోలేదు. ఎవరితోనూ ఏమీ అనలేదు. నేను విమానమెక్కేదాకా ఆయన దగ్గుతూనే డంపర్ ఎక్కాడు. నా ఆస్తమాకు వైద్యం దొరకాలంటే ఆయన దగ్గు దాగాలని ఇంట్లో బేరం కుదిరిపోయింది. నన్నెవరూ అడగలేదు, నేనూ వద్దనలేదు. ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.