మార్కెట్ లేసిన రోజు

"ఈరోజు మార్కెట్ పెరిగింది" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ విసుగే. ఎవరిది పెరిగింది నాయనా, ముందు అది చెప్పు!

పందొమ్మిది వందల అరవైల్లో నేను నిజామాబాద్‌లో, హైదరాబాదు షేర్ బ్రోకరు ఒకాయనకు ఏజెంటుగా ఉండేవాణ్ణి. స్టేషన్ దగ్గర చిన్న గది, ఒక బల్ల, ఒక రేడియో. గిరాకీ తక్కువ, వివరించడం ఎక్కువ. చెప్పీ చెప్పీ సాయంత్రానికి ప్రాణం విసిగిపోయేది.

మా పెద్దనాన్న కొడుకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా. రిటైరు కాబోతున్నాడు, క్వార్టరు ఖాళీ చేయాలి. బోధన్‌లోనే ఇంటికి జాగా చూసుకున్నాడు. అమ్మేవాడు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. అన్న దగ్గర ఉన్నదల్లా మహారాష్ట్రలోని ఓ చక్కెర కంపెనీ షేర్లు. పోయిన నెల ధర పలికితే జాగా చేతికొస్తుంది.

"తమ్మీ, మార్కెట్ లేసిన్నాడు అమ్మేయ్. మల్ల నన్నడగకు," అన్నాడు.

మాది పసుపు పండించే ఇల్లు. పసుపు అమ్మే యార్డులో మార్కెట్ లేచిందంటే అందరి బస్తాలకూ ధర లేచినట్టే. ఆయన మనసులో ఉన్నది ఆ యార్డే. ఇంతకు తగ్గితే అమ్మొద్దని ఒక ధర రాయించుకోవలసింది నేను. ఓపిక లేక "సరే అన్నా" అనేశాను.

వారం తర్వాత రాత్రి రేడియో వార్తల్లో మార్కెట్ బాగా పెరిగిందన్నారు. పొద్దున్నే తారాఫీసు తెరవగానే, ఉన్న ధరకు అమ్మేయమని బ్రోకరుకు తంతి కొట్టాను. మధ్యాహ్నం రైల్లో పత్రిక వచ్చింది. మార్కెట్ మొత్తానికి వేసే లెక్క, సూచీ, నిజంగానే పైకి పోయింది. కింద చిన్న అక్షరాల్లో అన్న కంపెనీ దిగిపోయి ఉంది. ఆపమని ఇంకో తంతి కొట్టాను. అప్పటికే అమ్ముడైపోయాయి, ఆ డబ్బు జాగాకు చాలదు.

బోధన్ బస్సెక్కాను. వదిన చాయ్ ఇచ్చింది. తాగబుద్ధి కాలేదు. జరిగింది చెప్పాను.

"మార్కెట్ లేసిందంటివి గదా. మరి నాయెందుకు లేవలే?" అన్నాడు అన్న.

"అన్నా, ఆ లెక్కలో కొన్ని ఎంపిక చేసిన కంపెనీలే ఉంటయి. ఏదో ఒక ఏడాది ధరల్ని నూరు అనుకొని, ఇయ్యాల అవన్నీ కలిసి ఎంతకొచ్చినయో చెప్తరు. అందుల పెద్ద కంపెనీల బరువెక్కువ. ఉక్కు కంపెనీ, బట్టల మిల్లులు ఎక్కినయి, లెక్క ఎక్కింది. నీ కంపెనీ ఆ జాబితాలనే లేదు."

అన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చల్లారిన నా చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"గదంతా నాకేమెర్క తమ్మీ. నాకు పసుపు తెలుసు, చెరుకు తెలుసు. షేర్లు తెలిసినోనివి నువ్వే గదా."