అరవై మూడు ఎక్కడిది?

సలోమి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఈసెట్ ప్రవేశపరీక్ష రాసి, విజయనగరం పక్క కాలేజీలో నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరింది. అలా వచ్చినవాళ్ళ రోల్ నంబర్లో ‘5ఏ’ ఉంటుంది. హాజరు పిలిచేటప్పుడు వాళ్ళు అట్టడుగున. అప్పటికే మిగతావాళ్ళకు స్నేహాలు కుదిరిపోయాయి, బెంచీలు నిండిపోయాయి. కిటికీ పక్క ఆఖరి బెంచీ ఆమెకు మిగిలింది.

ల్యాబుకెళ్తే మాత్రం, “ఫైవ్ ఏ అక్కా, మా మీటరు కదలట్లేదు, చూడవే!” అని నలుగురూ మూగేవారు. ల్యాబులో అందరికీ అక్క. క్లాసులో ఎవరికీ ఏమీ కాదు. మధ్యాహ్నం ఒక్కతే క్యారేజీ విప్పి, కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుని తినేది.

లెక్కలు అందడం లేదు. ‘మొదటి మిడ్ పరీక్షలో తప్పితే టీసీ తీసుకుని వెళ్ళిపోతాను, మోటార్లు బాగుచేసే షాపులో పని ఎటూ దొరుకుతుంది’ అనుకుంది.

ఒకరోజు సర్క్యూట్ల క్లాసులో వరూధిని మేడమ్ అడిగారు. “కాయిలూ, రెసిస్టరూ వరసగా ఉన్నాయి. స్విచ్ వేశాం. ఒక టైమ్ కాన్‌స్టెంట్ గడిచేసరికి కరెంటు ఎంతకొస్తుంది?”

“పూర్తి కరెంటులో అరవై మూడు శాతం, మేడమ్!” సలోమి గొంతు అందరికన్నా ముందు లేచింది.

“భేష్. ఆ అరవై మూడు ఎక్కడిది?”

“డిప్లొమాలో... అలాగే రాసేవాళ్ళం, మేడమ్.”

“అక్క ఫ్యూజు ఎగిరిందిరోయ్!” అన్నాడెవడో. క్లాసంతా నవ్వింది.

“డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఫస్టియర్లో చెప్పారు కదమ్మా?”

“ఫస్టియర్లో నేను లేను, మేడమ్.”

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

“నిజమేనమ్మా, నాకు తట్టలేదు. రేపట్నుంచి క్యారేజీ పట్టుకుని నా గదికి రా.”

మర్నాడు మేడమ్ తన పులిహోరలో సగం ఆమె క్యారేజీ మూతలో పెట్టి, కాగితం మీద గీత గీశారు. “చూడు, కరెంటు ఇంకా ఎంత ఎక్కాలో, ఆ మిగిలినదాన్ని బట్టే దాని వేగం. మిగిలింది తరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఈ ఒక్క మాటనే లెక్కగా రాయి.”

రాసింది. తప్పింది. వారం రోజులు అక్కడే ఇంటిగ్రేషన్ మొదటినుంచి నేర్చుకుని మళ్ళీ రాసింది. ఒక టైమ్ కాన్‌స్టెంట్ గడిచాక మిగిలిన భాగం ఒకటి బై ‘ఈ’ అని తేలింది. అంటే ముప్పై ఏడు శాతం. నూట్లోంచి అది పోతే...

“అరవై మూడు!” అంది సలోమి, కళ్ళనిండా నీళ్ళతో.

“తినవే తల్లీ, బెల్లు కొట్టేస్తారు,” అన్నారు మేడమ్.

మిడ్‌లో ఆ ప్రశ్నే వచ్చింది. మిగతా పేపరు అంతంతమాత్రమే, అయినా గట్టెక్కింది. టీసీ మాట మళ్ళీ తలవలేదు.

పేపర్లిచ్చిన రోజు కూడా ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. ముందు బెంచీ మౌనిక వెనక్కి తిరిగింది. “ఒసేయ్, ఆ అరవై మూడు ఎక్కడిదో నాకూ తెలీదే. ఆ రోజు ఊరికే నవ్వాను.”

సలోమి పక్కనున్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆమెకు చోటిస్తూ జరిగింది.