ముగింపులో చేర్చని సంగతి

పీజీ రెండో ఏడాదిలో నా సెమినార్ రిపోర్టును మేడం తిరిగి నా చేతిలో పెట్టి, "కోపం బాగుంది. రిపోర్టే లేదు" అన్నారు.

మా లింగాల వైపు గొర్రెల వలస గురించి రాశాను. బోర్లు, తోటలు వచ్చాక ఎండాకాలంలో మందలు మేతకు తూర్పుకు పోవడం ఆగిపోయిందని ఒక వ్యాసంలో చదివి నాకు ఒళ్లు మండింది. మా నాయన మందతో పోతూనే ఉన్నాడు మరి! ఆయన మాటలే ఆధారంగా పెట్టి, మొదటి పేజీలోనే ఆ వ్యాసకర్తను దులిపేశాను.

"పరిచయంలో నీ ప్రశ్న చెప్పు. ఆధారాల సమీక్షలో ఎవరేమన్నారో వాళ్లే ఒప్పుకునేలా చెప్పు. విమర్శ ఆ తర్వాత. ముగింపులో తేలింది మాత్రమే, కొత్త సంగతి వద్దు. సోమవారం లోపల తేకపోతే మార్కులు లేవు" అన్నారు మేడం.

ప్రొద్దుటూరు డీటీపీ సెంటర్‌లో కుదురుగా కూర్చోలేకపోయాను. లేచి టీ తాగి వస్తాను, రెండు లైన్లు కొట్టిస్తాను, మళ్లీ లేస్తాను. వ్యాసాన్ని న్యాయంగా చెప్పాలంటే ఇంకోసారి చదవక తప్పలేదు. అప్పుడు కనిపించింది. ఆయన మాట్లాడింది మంద అమ్మేసి సేద్యంలోకి దిగినవాళ్లతోనే. మొదటి పేజీ కోపమంతా విమర్శలో ఆ ఒక్క మాటకు కుదించాను.

కొత్త ప్రతి చదివి మేడం తలూపారు. పెన్ను ఇంకోచోట ఆగింది. "మీ నాన్నగారి మాటలూ ఆధారమే కదా. ఆయన్నెందుకు పరీక్షించలేదు?"

నా మొహం మాడిపోయింది. ఒక్క ఎండాకాలమూ తప్పలేదన్నాడు నాయన. రెండు తప్పాడు. అది నాకు తెలుసు, తెలిసే దాటేశాను.

జమ్మలమడుగు మీదుగా పోయే బస్సెక్కి, పులివెందులలో దిగి, ఆటోలో ఊరు చేరాను. నాయన దొడ్లో గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతున్నాడు.

"నాయినా, ఆ రెండేండ్లు పోలేదని రాయాల."

"రాసుకో మా. మందతో పోను ఎనకాడినాడని అనుకుంటారని అట్ల చెప్పినా. ఎందుకు నిలిచినానో మాత్రం రాయొద్దు."

ఆ రెండు ఎండాకాలాలూ నాకు పులివెందులలో కోచింగు. మా ఊరికి బస్సు లేదు. నాయనే రోజూ బండి మీద దింపి, సాయంత్రం ఎక్కించుకొచ్చేవాడు. మంద ఊళ్లోనే నిలిచి, మేత లేక చాలా గొర్రెలు చచ్చిపోయాయి.

"పోతే పోయినాయి. నీ సదువు మింద పెట్టి రాసేదేంది?" అని దొడ్డి తలుపు వేశాడు.

"మౌఖిక ఆధారం ఒక్కరిదే, అందులోనూ రెండేళ్ల విరామం ఉంది" అని విమర్శలో చేర్చాను. వలస పూర్తిగా ఆగిపోయిందని చెప్పడానికి ఈ ఆధారాలు చాలవని ముగించాను. విరామానికి కారణమేమిటని మేడం అడిగితే, ఇంటి సంగతులన్నాను. మార్కులు వేశారు.

నాయనకు చదవడం రాదు. ఆ గొర్రెలు నా చదువు కోసమే పోయాయని ఇన్నాళ్లకు ఇక్కడ రాశాను. ఎవరైనా చదివి వినిపిస్తే తిడతాడు. తిట్టనీ.