కదిలిన ఒక్క భేటీ

మా వీధి చివరింటి కోడలిని అందరూ జోడీలక్క అంటారు. వ్యాపార సదస్సుల్లో ఎవరు ఎవరిని, ఎప్పుడు, ఏ బల్ల దగ్గర కలవాలో కుదర్చడం ఆమె ఉద్యోగం.

"పెళ్ళిళ్ళ పేరమ్మవే నువ్వు," అని అత్తగారు దెప్పుతుంది.

"అక్కడ వరుడికి ఒక్కతే వధువు అత్తయ్యా. ఇక్కడ పాతికమంది."

సదస్సు రోజు పొద్దున్నే, సబ్బులు తయారుచేసే ఆవిడ మొహం వేలాడేసుకుని జోడీలక్క బల్ల దగ్గరికొచ్చింది. ఊరూరా దుకాణాలున్న సంస్థకి సరుకు కొనే పెద్దాయనను కలవాలని అడిగింది, ఆయన సరేనన్నాడు కూడా. కానీ కంప్యూటరేమో ఇద్దరికీ కలిసొచ్చే వేళ లేదంటోంది. పెద్దాయనకు ఖాళీ ఉన్నది భోజనాల తర్వాత ఒక్కసారే. సరిగ్గా అప్పుడే ఈవిడ వేదికెక్కి మాట్లాడాలి. ఆ పైన ఆయన ఊరెళ్ళిపోతాడు.

"నా చిన్న కొట్టుకి ఆయనొక్కడే దారమ్మా," అందావిడ.

"మీ ఖాళీ ఎప్పుడు?"

"పొద్దుటి టీకి ముందు."

టీకి ముందు పెద్దాయన అట్టపెట్టెల వ్యాపారితో కూర్చోవాలి. రెండువైపులా సరేనన్న భేటీని కంప్యూటరు ముట్టుకోదు, దాన్ని గోడలా వదిలేసి చుట్టూ వెతుకుతుంది. జోడీలక్క కన్ను మాత్రం ఆ గోడమీదే పడింది. పెట్టెలాయన భోజనాల తర్వాత ఖాళీ. ఆయన అటు జరిగితే సబ్బులావిడకి చోటొస్తుంది.

మీట నొక్కితే క్షణంలో మారిపోయేది. కానీ అడక్కుండా ఒకరి మాటను కదపడం ఆమెకి బొత్తిగా పడదు. లేచి పెట్టెలాయనను వెతుక్కుంటూ వెళ్ళింది.

"నాకేం లాభం?" అన్నాడాయన, కాఫీ ఊదుకుంటూ.

"లాభం నేను చెప్పలేను బాబాయ్. భోజనం చేశాక మనుషులు కాస్త మెత్తబడతారని మాత్రం చెప్పగలను."

ఆయన పకపకా నవ్వాడు. "గడుసుదానివే. సరే, జరుపు."

తర్వాత పెద్దాయన సహాయకుడినీ అడిగి, ఆ రెండు వేళలకీ ఒకే బల్ల ఖాయం చేసింది. అప్పుడు గానీ మీట నొక్కలేదు.

టీకి ముందు ఆమె దూరం నుంచే చూసింది. పెద్దాయన ఓ సబ్బు తీసి వాసన చూశాడు, ఇంకోటి తీశాడు. పక్కనే సహాయకుడు చేయి చాచాడు గానీ, పెద్దాయన ఆ రెండో సబ్బును తన కోటు జేబులోనే వేసుకున్నాడు. గంట మోగేదాకా ఆవిడను మాట్లాడనిచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక అత్తగారు అడిగింది, "కుదిరిందా?"

"ముందు నమూనా సరుకు పంపమన్నాడట. మిగతాది వాళ్ళిద్దరూ చూసుకోవాలి. కూర్చోబెట్టడం వరకే నాది."

"అదే నేనూ అంటా," అంది అత్తగారు, "పేరమ్మవనే."